కంటె కాక తొమ్మిది తులాలు

నగలు బ్యాంకులో వేస్తానని అమ్మ అన్నప్పుడు లాకరు సంగతే చెబుతోందనుకున్నాను. మాకు అప్పటికే లాకరుంది. నయాపూల్ దాటాక ఉన్న ఒక బ్యాంకు మెయిన్ బ్రాంచిలో, నేలకు జానెడెత్తున, కూర్చుంటే తప్ప అందని చిన్న అర. ఏడాదికి ఒకసారి అమ్మా నేనూ ఉప్పుగూడ నుంచి వెళ్ళేవాళ్ళం. కిరాయి కట్టి, పెట్టె తెరిచి, ఎర్ర గుడ్డ మూట విప్పి, ఒక్కో నగా చూసుకుని, మళ్ళీ కట్టి పెట్టి వచ్చేవాళ్ళం. పెళ్ళిళ్ళకు కూడా అమ్మ వాటిని తీయడం మానేసి చాలా ఏళ్ళయింది. మెడ నొస్తుందనేది.

"లాకర్ గాదు. కరగబెట్టి ఇచ్చుడు. అయిదేండ్లు వాళ్ళ దగ్గర ఉంటది, మిత్తి ఇస్తరు," అంది అమ్మ.

ఆ మాటకు నేను బాపు వంక చూశాను. ఎందుకంటే ఆ నగలన్నీ బాపు చేసినవే.

మా బాపుది అవుసల పని. చార్మినార్ వెనక ఒక సందులో, మెట్ల కింద ఉన్న చిన్న గదిలో కుంపటి ముందు నలభై ఏళ్ళు కూర్చున్నాడు. ఆ గదిలో ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి నిలబడాల్సిందే. పెద్ద షోరూములు వచ్చి, మిషన్ గొలుసులు వచ్చి పని సన్నగిల్లాక, చూపు కూడా తగ్గాక, ఆ గది ఖాళీ చేసి ఇంట్లో ఉంటున్నాడు. అమ్మకు ఆయన చేసిపెట్టినవి ఒక నాన్తాడు, గుండ్ల పేరు, నాలుగు గాజులు, రెండు జతల కమ్మలు, మెడ చుట్టూ వంచిన కడ్డీలా ఉండే ఒక కంటె. పుస్తెల తాడు వేరే, అది ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. అన్నీ ఒక్కసారి చేసినవి కావు. పని బాగా దొరికిన సంవత్సరం ఒక వస్తువు, లేకపోతే లేదు. కంటె అన్నిటికంటే ముందుది. పెళ్ళయిన మూడో ఏడు చేసిందట.

ఈ నగలు కరిగిస్తారంటే బాపు ఒప్పుకోడని నేను ధైర్యంగా ఉన్నాను. ఆయన ఏమీ అనకపోయేసరికి నేనే అడిగాను. మీ చేతి పనంతా బుగ్గి చేస్తారట, మీకేమీ అనిపించదా అని. బాపు నవ్వాడు.

"నేను చేసినయన్ని అంతకుముందు ఇంకేవో వస్తువులే బిడ్డా. ఎవ్వరిదో పాత గొలుసు కరిగితె మీ అమ్మ గాజులైనయి. బంగారానికి కరుగుడు కొత్త గాదు."

నాకు మాత్రం ఆ నాన్తాడు మీద ఆశ ఉండేది. నేను బడిపంతులమ్మను, ఆ పని నాకు రాదు. అయినా పదమూడేళ్ళ వయసులో ఆ నాన్తాడు అల్లుతుంటే పక్కన కూర్చుని చూశాను. వెంట్రుకలంత సన్నని తీగలు బాపు వేళ్ళ మధ్య తాడయ్యాయి. అది కరగడం నాకు ఇష్టం లేదు. కానీ నగలు అమ్మవి. లాకరుకు మనమే కిరాయి కట్టి బంగారాన్ని పండబెడుతున్నాం కదా, అదే బంగారం పని చేస్తే తప్పేముందని అమ్మ వాదన. ఆమె చెప్పింది తప్పని నేను నిరూపించలేకపోయాను.

బ్యాంకులో ఆ స్కీము గురించి తెలిసిన మనిషి దొరకడానికి రెండుసార్లు తిరిగాం. మా ఇంటి దగ్గరి బ్రాంచిలో అలాంటిది ఇక్కడ చెయ్యం అన్నారు. అన్ని బ్రాంచిలూ తీసుకోవట. చివరికి లాకరున్న మెయిన్ బ్రాంచిలోనే ఒక ఆఫీసరమ్మ దొరికింది. నా వయసే ఉంటుంది. కుర్చీలు వేయించి, ఓపికగా చెప్పింది. ఇది ప్రభుత్వం స్కీము. అయిదు నుంచి ఏడేళ్ళ మధ్యకాలపు డిపాజిట్ అయితే ఏడాదికి రెండుంపావు శాతం వడ్డీ. ఆ వడ్డీ రూపాయల్లోనే ఇస్తారు. అదీ డిపాజిట్ చేసిన నాటి బంగారం ధర మీదే లెక్క కడతారు. తర్వాత ధర ఎంత పెరిగినా వడ్డీ పెరగదు. మొదటి మూడేళ్ళు తీయడానికి వీల్లేదు. డిపాజిట్ చేసిన మనిషి చనిపోతే తప్ప. మూడేళ్ళు దాటాక, అయిదు నిండకముందు తీస్తే వడ్డీలో కోత పడుతుంది, అప్పుడు బంగారం ఇవ్వరు, ఆ రోజు ధరకు డబ్బే ఇస్తారు. గడువు పూర్తయ్యాక బంగారమే కావాలంటే ఇస్తారు, దానికి కొద్దిగా రుసుము పడుతుంది. అది ముందే రాసివ్వాలి.

ఇంత చెప్పి, ఆమె కాగితాలు అమ్మ ముందు పెట్టకుండా తన వైపే ఉంచుకుంది.

"అమ్మా, ఒక మాట ముందే చెప్తున్నా. మీరు ఇచ్చిన గాజులు మీకు మళ్ళీ రావు. బంగారం వస్తది, గాజులు రావు. ఇంటికి పోయి ఆలోచించుకుని రండి."

చాలామంది ఈ మాట వినే లేచి వెళ్ళిపోతారని కూడా చెప్పింది. అమ్మ లేవలేదు. బంగారమే తిరిగి కావాలని రాయమంది. అయిదేళ్ళని రాయమంది. నామినీగా నా పేరు రాయించింది.

అసలు పని బ్యాంకులో కాదు, పరీక్షా కేంద్రంలో జరుగుతుంది. ఆ కేంద్రం బాపు పాత గదికి నాలుగు సందుల అవతల, ఒక మేడ మీద ఉంది. ముందు రోజు లాకరు నుంచి మూట తెచ్చుకున్నాం. పొద్దున్నే ముగ్గురం ఆటోలో వెళ్ళాం. అమ్మ మూటను కొంగులో కట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బాపు తెల్ల చొక్కా వేసుకున్నాడు. దారి పొడుగునా మాట్లాడలేదు. నేను అది పనితనం మీద బెంగేమో అనుకున్నాను.

కేంద్రంలో పని చూసే పెద్దమనిషికి యాభై దాటి ఉంటాయి. నెరిసిన గడ్డం, ముక్కు మీదికి జారిన అద్దాలు. బాపును చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన తండ్రి ఆ సందుల్లోనే నగలకు మెరుగు పెట్టేవాడట, తండ్రి వెంట తనూ చిన్నప్పుడు బాపు గదికి వచ్చేవాడట. "ఆయియే ఉస్తాద్, కూర్చోండి," అని తన కుర్చీ జరిపాడు.

మూట విప్పి నగలు బల్ల మీద పరిచారు. ఒక్కోటీ తూచి రాసుకున్నాడు. కంటె తూచినప్పుడు రెండు తులాలకు కొంచెం పైన అన్నాడు. నా చెవి అక్కడ ఆగింది. మా ఇంట్లో అది మూడు తులాల కంటె. ఎప్పుడు దాని మాటొచ్చినా మూడు తులాల కంటె అనే విన్నాను. అరిగిపోయిందేమో అనుకున్నాను. కానీ తులం బంగారం అరిగిపోతుందా అని మనసులో ఏదో తగిలింది. అమ్మ ముఖం చూశాను. ఆమె తూకం వైపు చూడటం లేదు. గోడ మీద రాసిన నియమాలు చదువుతున్నట్టు కూర్చుంది. ఆమెకు చదువు అంతంతమాత్రం.

తూచాక మొదటి పరీక్ష. చిన్న పెట్టెలాంటి మిషన్, మీద మూత. నగను లోపల పెట్టి మూత వేస్తే లోపలి కిరణాలు దాన్ని తాకి, బంగారం ఎంతో, రాగి ఎంతో, వెండి ఎంతో తెర మీద చూపిస్తాయి. నగకు గీత కూడా పడదు. ఇది పైపైన చూసే పరీక్ష అనీ, కరిగించాక వచ్చే లెక్కే అసలు లెక్క అనీ ఆ పెద్దమనిషి చెప్పాడు. ఈ అంకె నచ్చకపోతే నగలు ఇప్పుడే తిరిగి తీసుకుపోవచ్చు. నచ్చితే కరిగించడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టాలి. కరిగించాక వచ్చిన లెక్క నచ్చకపోయినా ముద్దను తీసుకుపోవచ్చు, కాకపోతే అప్పుడు ఖర్చు మనమే కట్టుకోవాలి.

మిషన్ కంటెను కూడా చూసింది. ఇరవై రెండు కేరెట్లకు కాస్త తక్కువ చూపించింది. మిగతా నగల లాగే. ఏ తేడా లేదు. పెద్దమనిషి అన్నీ ఒక కాగితం మీద రాసి, అమ్మ ముందుకు జరిపి, పెన్ను ఇచ్చాడు.

అమ్మ పెన్ను పట్టుకుంది. బాపు చెయ్యి చాచి ఆ కాగితం మీద పెట్టాడు.

"కంటె తీసెయ్ భాయ్," అన్నాడు ఆ మనిషితో. "దాన్ని కరగబెట్టొద్దు. అది లోపల రాగి."

ఆ గదిలో ఒక ఫ్యాన్ తిరుగుతోంది. కాగితాలు లేవకుండా వాటి మీద పెట్టిన ఇనప బిళ్ళలు గుర్తున్నాయి నాకు. పెద్దమనిషి అద్దాలు తీసి, కంటె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. అతికిన చోటు ఎక్కడో ఆయనకు కూడా దొరకలేదు. "మిషన్ పట్టలేదు ఉస్తాద్," అన్నాడు చివరికి, మెల్లగా. మీరు చెప్పకపోయినా కరిగాక తెలిసిపోయేదే కదా అన్నట్టు కూడా ఏదో గొణిగాడు.

"అగ్గి చెప్పేదాంక ఆగుడు ఎందుకు," అన్నాడు బాపు. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. నేను పుట్టినప్పటి నుంచి ఆ ఇద్దరినీ చూస్తున్నాను. బాపు అమ్మ ముందు తలదించుకుని మాట్లాడటం అప్పుడే చూశాను.

ఆయన చెప్పింది కొంచెమే, ముక్కలు ముక్కలుగా. నేను రెండో తరగతిలో ఉన్నప్పటి సంగతి. ఒక పెళ్ళివారు పాత గాజుల జత ఇచ్చారు, రెండు తులాలు, కొంచెం పెద్దవి చెయ్యమని. బాపు వాటిని పని బల్ల మీద పెట్టి, సందు మొదట్లో ఉన్న నల్లా దగ్గరికి నీళ్ళకు వెళ్ళి వచ్చేసరికి అవి లేవు. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. ఒకసారి బంగారం పోయిందన్న మాట బయటికొస్తే ఆ గది మెట్లు మళ్ళీ ఎవరూ దిగరు. మెరుగు పెడతానని ఇంట్లోంచి కంటె తీసుకుపోయాడు. దాన్ని కరిగించి, రెండు తులాలతో పెళ్ళివారి గాజులు చేసి చెప్పిన రోజుకే ఇచ్చేశాడు. మిగిలిన తులంతో రాగి కడ్డీ మీద బంగారు తొడుగు వేసి, అదే మందాన, అదే వంపుతో కంటె చేసి ఇంటికి తెచ్చాడు. తర్వాత ఎప్పుడైనా బంగారం కూడితే లోపలిది మారుస్తాననుకున్నాడు. గుండ్ల పేరు చేసినప్పుడు అనుకున్నాడు, గాజులు చేసినప్పుడు అనుకున్నాడు. ప్రతిసారీ కొత్త వస్తువు చేసి ఇచ్చాడు గానీ, కంటె ముట్టుకుంటే చెప్పాల్సి వస్తుందని దాన్ని ముట్టలేదు.

ఇంత చెప్పి ఆగాడు. అమ్మ పెన్ను కాగితం మీద పెట్టింది.

"నాకు తెల్సు," అంది.

బాపు తలెత్తాడు.

"తెచ్చిన నాడే తెల్సింది. మూడు తులాలు మోసిన మెడకు రెండు తులాలు తెల్వదా? అవుసలి పెండ్లాన్ని నేను."

ఆ తర్వాత ఆమె చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. ఆ పెద్దమనిషి ముందు చెయ్యి చాచింది. ఆయన కంటెను రెండు చేతులతో ఇచ్చాడు. అమ్మ దాన్ని తుడవనైనా తుడవకుండా మెడకు వేసుకుంది. వేసుకుని, కాగితం మీద ఆ ఒక్క వస్తువు కొట్టేయించి, మిగతా వాటికి సంతకం పెట్టింది. కంటె కాక తొమ్మిది తులాలు.

మూడు దశాబ్దాలకు పైగా ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి చుట్టూ తిరుగుతూ, ఒకరు చెప్పలేక, ఒకరు అడగక. వాళ్ళ మధ్య కూర్చుని అన్నం తిన్న నాకు దాని వాసన కూడా తగల్లేదు.

ఆ తర్వాత పనులు వరసగా జరిగిపోయాయి. కమ్మల్లోంచి ఎర్ర రాళ్ళు ఊడదీసి ఒక చిన్న కవరులో వేసి ఇచ్చారు. గుండ్ల లోపలి లక్కను వేడి చేసి తీసేశారు. నాన్తాడు సందుల్లోని ఏళ్ళనాటి చెమట మురికిని బ్రష్‌తో రాచి తీశారు. మళ్ళీ తూచారు. ఎనభై నాలుగు గ్రాములయ్యాయి. తొంభై గ్రాముల్లో ఆరు గ్రాములు రాళ్ళూ లక్కా మురికీ అన్నమాట. ఈ తేడా చూసి కొందరు ఇక్కడే గొడవ పడతారని ఆ పెద్దమనిషి చెప్పాడు. బాపు మాత్రం ఆరు కంటే ఎక్కువే పోతుందనుకున్నాడట.

కొలిమి అద్దం గోడ అవతల ఉంది. బయట నిలబడి చూడొచ్చు. బాపు కుంపటి లాంటిది కాదు. బొగ్గు లేదు, ఊదే గొట్టం లేదు, పొగ లేదు. కరెంటుతో నడిచే చిన్న డబ్బా, దాని మధ్యలో నల్లటి మూస. అందులోకి నగలు ఒక్కోటీ జారవిడిచారు. నాన్తాడు చివర్న వేశారు. అది మూస అంచు మీద ఒక్క క్షణం వేలాడి, లోపలికి ఒరిగిపోయింది.

నేను చూపు తిప్పుకుందామనుకున్నాను. తిప్పుకోలేదు. మొదట గాజులు ఎర్రబడ్డాయి. గుండ్లు ఒకదాని మీద ఒకటి కూలాయి. చూస్తుండగానే అంచులు కరిగి, గాజు ఏదో తాడు ఏదో తెలియకుండా పోయి, అంతా ఒక్కటై కదలసాగింది. దాని మీద ఒక సన్నటి పొర తేలి పగిలింది. పగిలిన చోట కనిపించిన ఆ వెలుగును నేను మాటల్లో చెప్పలేను. పసుపు కాదు, తెలుపు కాదు. దాని వైపు చూస్తుంటే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఏడుపు కాదు, ఆ వెలుగుకే వచ్చాయి. నలభై ఏళ్ళు మా బాపు రోజూ చూసింది ఇదా అనుకున్నాను. మా తిండీ నా చదువూ అన్నీ ఈ వెలుగు ముందు కూర్చున్న మనిషి తెచ్చినవే, నేను ఎన్నడూ దాని వైపు సరిగా చూడలేదు.

ముద్ద పోశారు. నా బొటనవేలంత. తొమ్మిది తులాల నగలు పరిస్తే బల్ల నిండింది, కరిగితే పిల్లల రబ్బరు ముక్కంత అయింది.

అందులోంచి గోరంత ముక్క తీసి అసలు పరీక్షకు పట్టుకుపోయారు. సీసపు రేకులో చుట్టి, వెండి కలిపి, మళ్ళీ కాల్చి, యాసిడ్‌లో ఉడికిస్తే, మిగతా లోహాలన్నీ పోయి అచ్చమైన బంగారమే మిగులుతుందట. ముందటి బరువునూ తర్వాతి బరువునూ పోల్చి లెక్క చెబుతారు. దానికి మూడు గంటలు పట్టింది. అమ్మ తెచ్చిన పులిహోర తిన్నాం. పెద్దమనిషి కూడా మాతో కూర్చుని తిన్నాడు. తింటూ, లెక్క ఎంత వస్తుందో చెప్పండి ఉస్తాద్ అని బాపును అడిగాడు.

తన బంగారం ఇరవై రెండే గానీ, అతుకులకు వేసిన టంకం కలిసి కొంచెం దిగుతుందని, ఇరవై ఒకటి ముప్పావు రావాలని బాపు చెప్పాడు. మధ్యాహ్నం లెక్క వచ్చింది. వెయ్యికి తొమ్మిది వందల ఏడు. పెద్దమనిషి ఫోనులో కేరెట్లలోకి మార్చి చూశాడు. ఇరవై ఒకటి ముప్పావు. ఆయన ఫోను మా వైపు తిప్పి చూపించాడు. చెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. గీటురాయి లేదు, తూకం లేదు, ఇరవై ముప్పై ఏళ్ళ కిందట తన చేత్తో కలిపిన టంకాన్ని బాపు తలలోనే కొలిచాడు.

డిపాజిట్ లెక్క మరోలా ఉంటుంది. నూటికి తొంభై తొమ్మిదిన్నర పాళ్ళు స్వచ్ఛమైన బంగారంగా మార్చి చూస్తారు. ఆ లెక్కన డెబ్బై ఆరున్నర గ్రాములని రసీదు ఇచ్చారు. బ్యాంకు సర్టిఫికెట్ తర్వాత వచ్చింది. ముద్దను శుద్ధి చేసిన రోజు నుంచో, లేదా ఇచ్చిన ముప్పై రోజులకో, ఏది ముందైతే అప్పటి నుంచి వడ్డీ మొదలైంది.

ఆ సాయంత్రం బాపు స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మను అడిగాను. అంత తెలిసినదానివి కంటెను ఆ మూటలో ఎందుకు పెట్టావు, అక్కడ ఆయన పరువు పోతే ఏమయ్యేదని. అమ్మ వంకాయలు కోస్తోంది.

"గన్నేండ్లు మోసిండు. నేను అడిగితే నేను దించినట్టయితది. ఆయనే దించుకోవాలె," అంది. "అగ్గి దాంక పోతే చెప్తడని నాకు తెల్సు. దొంగ పని చేసెటోడైతే నాకు తులం తొడుగు గూడ ఏస్తడా, ఉత్త రాగి మీద బంగారు నీళ్ళు పోసి తెస్తుండె."

అప్పటి నుంచి ఆ కంటె అమ్మ మెడలోనే ఉంది. ఇప్పుడు నొప్పి లేదంటుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ రెండో ఏడు నేను తెలివితక్కువ పని చేయబోయాను. చాంద్రాయణగుట్ట రోడ్డులో ఒక నగల దుకాణం వాళ్ళు కొత్త స్కీము పెట్టారు. నగలు కరిగించక్కర్లేదు, అలాగే ఇవ్వొచ్చు. వంద గ్రాములిస్తే నెలకో గ్రాము. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి. మా బడిలో ఇద్దరు టీచర్లు ఇచ్చారు. మొదటి మూడు నెలలు చెప్పినట్టే వచ్చింది కూడా. మాకు ఏడాదికి ఎనిమిది వేల చిల్లర వస్తుంటే, వాళ్ళకు అంతకు ఎన్నో రెట్లు వస్తోంది. పైగా అప్పటికే బంగారం ధర బాగా పెరిగింది, మా వడ్డీ మాత్రం పాత ధర మీదే ఆగిపోయింది. నామినీని నేనే కదా, మా బంగారం తీసి ఆ దుకాణంలో పెట్టడానికి నేను అడిగితే ఏదో దారి చూపిస్తారని ఒక శనివారం బ్యాంకుకు వెళ్ళాను.

ఆఫీసరమ్మ అదే మాట చెప్పింది. మూడేళ్ళు నిండకుండా తీయడానికి లేదు. నామినీకి హక్కు డిపాజిటరు పోయాకే. మూడేళ్ళ తర్వాతైనా డబ్బే వస్తుంది, బంగారం రాదు. నాకు కోపం వచ్చింది. మా బంగారం మీద మాకే తాళమా అని ఆమెతో కొంచెం గట్టిగానే మాట్లాడాను. ఇంటికొచ్చి బాపు మీద కూడా విరుచుకుపడ్డాను.

బాపు నన్ను మాట్లాడనిచ్చాడు. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాడు. ఆ దుకాణం వంద గ్రాముల నగ అమ్మితే వాళ్ళకు మిగిలేది ఎంతో నాకు తెలుసా అని. ఆయనకు తెలుసు. తరుగు, మజూరి, కిరాయి, కరెంటు, పనివాళ్ళ జీతాలు పోగా ఏడాదికి పన్నెండు గ్రాములు ఎక్కడి నుంచి పంచుతారో తన నలభై ఏళ్ళ అనుభవంలో అర్థం కావట్లేదన్నాడు. కొత్తగా వచ్చినవాళ్ళ బంగారం తీసి పాతవాళ్ళకు ఇవ్వడం తప్ప ఇంకో దారి లేదన్నాడు. "వాళ్ళ దగ్గర ఏ కాయిదం ఉన్నదో, ఎవ్వల పర్మిషన్ ఉన్నదో అడుగు బిడ్డా."

అడగడానికి నాకు మొహం చెల్లలేదు. అడిగే అవసరమూ రాలేదు. ఏడాది తిరగకముందే ఆ దుకాణం షట్టర్ పడింది. షట్టర్ ముందు ఆడవాళ్ళు నిలబడ్డారు, వాళ్ళలో మా బడి టీచరు ఒకామె ఉంది. ఆమె చేతిలో ఉన్నది దుకాణం పేరు అచ్చేసిన ఒక రంగుల కార్డు. అంతే. పోలీసు కేసు పెట్టారు. ఇప్పటికీ కోర్టులో నడుస్తోంది. ఆమెకు తన గాజుల్లో ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ రోజు బ్యాంకులో తాళం తీయలేదు కాబట్టే మా బంగారం మిగిలింది. నా తెలివి వల్ల కాదు. ఆ ఆఫీసరమ్మకు క్షమాపణ చెప్పాలని వెళ్ళేసరికి ఆమె బదిలీ అయిపోయింది.

అయిదేళ్ళూ గడిచాయి. ప్రతి మార్చి ఆఖరున వడ్డీ అమ్మ ఖాతాలో పడేది. ఆవకాయ రోజులు ముందుంటాయి కాబట్టి అందులో సగం మామిడికాయలకూ నూనెకూ పోయేది, మిగతాది బాపు కళ్ళ మందులకు. గడువు తీరే లోపే ప్రభుత్వం ఈ మధ్యకాలపు, దీర్ఘకాలపు డిపాజిట్లు కొత్తగా తీసుకోవడం ఆపేసింది. ఉన్నవాళ్ళకు గడువు దాకా నడుస్తుందన్నారు. మాకు అలాగే నడిచింది.

బంగారం తీసుకోవడానికి ముగ్గురం వెళ్ళాం. వెళ్ళిన రోజే ఇవ్వలేదు, తెప్పించాలని రెండు వారాలు తిప్పారు. చివరికి సీలు వేసిన బిళ్ళలు ఇచ్చారు. గ్రాముకు తక్కువున్న ముక్కకు డబ్బు ఇచ్చారు. ఆ రోజు ధర మేము ఇచ్చిన నాటికి రెండింతలు దాటింది. ఇది అదృష్టమే. ధర పడిపోయి ఉంటే గ్రాములు అవే ఉండేవి, విలువ తగ్గేది. ఆ సంగతి కొత్త ఆఫీసరు మాకు గుర్తు చేసి మరీ సంతకం తీసుకున్నాడు.

బాపుకు చూపు ఇప్పుడు చాలా తక్కువ. పెద్ద బిళ్ళను సీలు కవరుతో సహా అరచేతిలో పెట్టుకున్నాడు. బొటనవేలితో కవరు మీదే తడిమాడు. చాలాసేపు పట్టుకున్నాడు. ఆయన చేతుల మీదుగా ఎంత బంగారం పోయిందో లెక్కలేదు, అంతా ఎవరిదో. అచ్చమైన బంగారం, ఎవరి నగా కానిది, ఎవరికీ మర్నాటికల్లా ఇవ్వక్కర్లేనిది ఆయన చేతికి రావడం అదే మొదటిసారి.

"బరువున్నది," అన్నాడు.

ఇదేం చేద్దామని నేను అడిగాను. గొలుసు చేయిద్దామా, అమ్మేద్దామా అని. బ్యాంకు వాళ్ళు ఏడాది నుంచి మూడేళ్ళ చిన్న డిపాజిట్ తీసుకోవచ్చని, కానీ దాని మీద వడ్డీ చాలా తక్కువని ముందే చెప్పాడు ఆఫీసరు. అమ్మ అన్నీ విన్నది.

"గంత తక్కువ మిత్తికి మల్ల ఇచ్చుడెందుకు. నేను పోయినంక నీది. అప్పటిదాంక నాది," అంది. బిళ్ళల్ని బాపు చేతిలోంచి తీసుకుని, లెక్కపెట్టి, నన్ను వెంటబెట్టుకుని కింది అంతస్తులో లాకరు దగ్గరికి వచ్చింది. నేను నేల మీద కూర్చుని అర తెరిచాను. అమ్మ వంగి లోపల పెట్టింది. పైకి వచ్చేసరికి బాపు మెట్ల దగ్గర గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఆకలవుతోందన్నాడు. బయటికి వచ్చి చాయ్ తాగాం. బస్సు వెంటనే దొరికింది. కూర్చోవడానికి ముగ్గురికీ సీట్లు కూడా దొరికాయి.